మీ షుగరు పుస్తకంలో శనివారం ఏం రాసి వుంది?

మధుమేహం వున్న రిటైర్డు మాస్టారు ఒకాయన కిందటి వేసవిలో నా దగ్గరకు వచ్చారు. వయస్సు అరవై ఒకటి. తొమ్మిదేళ్ళుగా షుగరు వున్నది. చేతిలో అట్ట వేసిన నోటుపుస్తకం. అందులో ఇరవై ఎనిమిది రోజుల లెక్క, ఒక్క రోజు కూడా తప్పకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి వుంది. తెల్లవారి లేచి, కాఫీ అయినా తాగకముందు వేలు గుచ్చుకుని చూసుకున్న అంకెలవి. 168 కంటె తక్కువ లేదు, 192 కంటె ఎక్కువ లేదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష 8.4 వచ్చింది.

"ఇడ్లీలు నాలుగు తినేవాణ్ణి, రెండుకు తగ్గించాను డాక్టరుగారూ. అయినా పొద్దుటి అంకె దిగడం లేదు" అన్నారాయన.

ఆయన వాడే మందులు రెండు. గ్లిమిపిరైడ్ 2 మిల్లీగ్రాములు పొద్దున్నే ఒకటి, మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు ఉదయం, రాత్రి. బయట ఎనభైమంది కూర్చుని వున్నారు. అంకెలు ఎక్కువగా వున్నాయి కాబట్టి గ్లిమిపిరైడ్‌ను 2 నుంచి 3కు పెంచుదామని నేను కలం కూడా తీశాను. అలా పెంచి వుంటే ఏం జరిగేదో తరువాత చెబుతాను. అలవాటు కొద్దీ ఒక ప్రశ్న వేశాను: "మాస్టారూ, వారంలో మీకు మిగతా రోజుల్లాగా గడవని రోజు ఏదైనా వుందా?"

ఆయన ఆలోచిస్తూ వుండగానే వెనక నిలబడిన ఆయన భార్య అందుకున్నారు. "శనివారం ఒంటిపొద్దండీ. ఆ రోజు మధ్యాహ్నమయ్యేసరికి ఈయనకి ఎక్కడలేని కోపం వస్తుంది. చొక్కా తడిసిపోయేలా చెమట. ఉపవాసం కదా, చిరాకు మామూలేలెమ్మని ఊరుకుంటున్నాం."

నేను కలం పక్కన పెట్టేశాను.

పాఠకులారా, మీలో చాలామంది కూడా మాస్టారులాగే పొద్దుటి అంకె ఒక్కటే రాసుకుంటారు. అది తప్పని అనను. కాని అది ఏ పూటకు సంబంధించిన అంకె? పరగడుపున చూసినది కాబట్టి అప్పుడు తినబోయే ఇడ్లీలకూ దానికీ సంబంధం లేదు. దాని వెనక వున్నది నిన్నటి సాయంత్రం, నిన్నటి రాత్రి, రాత్రంతా కాలేయం రక్తంలోకి వదిలిన చక్కెర. పొద్దుటి అంకెను చూసి టిఫిను తగ్గించుకోవడమంటే పై ఇంటి కుళాయి కారుతుంటే కింది ఇంట్లో కుళాయి కట్టేయడమే. పైగా మధ్యాహ్నం, సాయంత్రం ఏం జరుగుతున్నదో ఆ ఒక్క అంకె చెప్పలేదు.

అందుకని మాస్టారుకు నేను చెప్పిన పద్ధతి ఇది. రోజూ గుచ్చుకోవద్దు. స్ట్రిప్పులు ఊరికే రావు, వేళ్ళు కూడా పదే వున్నాయి. రెండు వారాలపాటు వారానికి మూడు రోజులే చూడండి: ఒక మామూలు రోజు, శనివారం, ఆదివారం. ఆ మూడు రోజులూ మాత్రం నాలుగు పూటలా చూడాలి. టిఫినుకు ముందు, మధ్యాహ్న భోజనానికి ముందు, రాత్రి భోజనానికి ముందు, పడుకోబోయే ముందు. పడుకోబోయే ముందు అంటే భోజనం మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న దగ్గరనుంచి రెండు గంటలకు. చెయ్యి కడుక్కున్న దగ్గరనుంచి కాదు. రెండు వారాలకు ఇరవై నాలుగు స్ట్రిప్పులు సరిపోయాయి. నెలంతా పొద్దున్నే చూసుకుంటూ ఆయన అంతకంటె ఎక్కువే ఖర్చు చేశారు.

పుస్తకం విషయానికి వస్తే, పొడుగాటి రూళ్ళ పుస్తకం కొని, అడ్డంగా రోజులు, నిలువుగా పూటలు వచ్చేట్టు గీసుకోవాలి. చివరి గడిని మాత్రం వెడల్పుగా వదలండి. అసలు విలువంతా అందులో వుంటుంది. ఆ రోజు మామూలుగా కాక ఏం జరిగిందో అక్కడ నాలుగు మాటల్లో రాయాలి. "భోజనం ఆలస్యం", "రాత్రి మాత్ర మరిచాను", "పెళ్ళి భోజనం", "జ్వరం", "మోకాలికి ఇంజెక్షన్ చేయించుకున్నాను" ఇలాగన్నమాట. మోకాళ్ళ నొప్పికి కీలులో వేసే స్టీరాయిడు ఇంజెక్షను కొన్ని రోజులపాటు షుగరును బాగా పైకి లేపుతుంది. ఆ మాట రాయకపోతే ఆ అంకెలు చూసి మీ డాక్టరు అనవసరంగా మందు పెంచే ప్రమాదం వుంది.

అంకె రాయడానికి ముందు అది నమ్మదగిన అంకె కావాలి కదా. చేతులు సబ్బుతో కడుక్కుని పొడిగా తుడుచుకున్నాకే వేలు గుచ్చుకోవాలి. మామిడిపండు కోసిన చేత్తోనో, కాఫీలో చక్కెర కలిపిన చేత్తోనో చూసుకుంటే వేలికి అంటిన తీపి కూడా రక్తంలో కలిసి లెక్కలోకి వస్తుంది. 140 ఉండవలసిన చోట 250 కనబడి ఇల్లంతా గోల చేసినవాళ్ళు నాకు తెలుసు. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. స్ట్రిప్పుల డబ్బాకు మూత బిగించి వుంచాలి. వంటింటి వేడిలోను, కిటికీ ఎండలోను పెట్టకూడదు. డబ్బా మీద వేసిన గడువు దాటిన స్ట్రిప్పులు పారేయవలసిందే.

ఇంకొక మాట. ఇంట్లో వాడే మీటరు తూనికరాయి కాదు. మంచి మీటరు కూడా లాబరేటరీ అంకెకు నూటికి పదిహేను వంతుల అటూ ఇటూ చూపించవచ్చు. అసలు 150 వుంటే మీ మీటరు 130 అనవచ్చు, 170 అనవచ్చు. కనుక నిన్న 142, ఇవాళ 151 అని దిగులు పడడంలో అర్థం లేదు.

రెండు వారాల తరువాత మాస్టారు తెచ్చిన పుస్తకంలో ఆరు రోజుల లెక్క ఇలా వుంది. మొదటి అంకె టిఫినుకు ముందు, రెండవది మధ్యాహ్న భోజనానికి ముందు, మూడవది రాత్రి భోజనానికి ముందు, నాలుగవది పడుకోబోయే ముందు.

బుధవారం: 176, 124, 188, 251
శనివారం: 181, 64, 139, 238
ఆదివారం: 172, 131, 194, 262
రెండవ బుధవారం: 169, 118, 179, 243
రెండవ శనివారం: 184, 61, 146, 229
రెండవ ఆదివారం: 178, 127, 201, 258

ఈ అంకెలను చాలామంది అడ్డంగా చదువుతారు. "బుధవారం ఫరవాలేదు, ఆదివారం బాగా లేదు" అని రోజుకు మార్కులు వేసుకుంటారు. అలా చదివితే ఏమీ తెలియదు. నిలువుగా చదవాలి. ఒకే పూట కింద వున్న అంకెలను పై నుంచి కిందకు చూసుకుంటూ రావాలి. ఒక గడిలో ఒక్కసారి అంకె పెరిగిందంటే ఆ రోజు ఏదో జరిగిందని అర్థం, పక్కన రాసుకుని ఊరుకోవచ్చు. అదే పూట మళ్ళీ మళ్ళీ పెరుగుతున్నా, తరుగుతున్నా అది డాక్టరుకు చెప్పవలసిన సంగతి. ఎక్కువ అంకెల విషయంలో మూడుసార్లు వచ్చేదాకా ఆగవచ్చు. 70 కంటె తక్కువ అంకె విషయంలో మాత్రం రెండవసారి కోసం కూడా ఎదురుచూడకూడదు.

ఎక్కువ అంటే ఎంత అని అడుగుతారు. సాధారణంగా పెద్దవాళ్ళకు భోజనానికి ముందు 80 నుంచి 130 దాకా, భోజనమైన రెండు గంటలకు 180 లోపల వుంటే బాగున్నట్టు. బాగా వయసు మళ్ళినవారికి, గుండెజబ్బో మూత్రపిండాల జబ్బో వున్నవారికి ఈ హద్దులు సడలిస్తాం. గర్భిణులకు ఇంకా బిగిస్తాం. మీ హద్దు ఎంతో మీ డాక్టరును అడిగి పుస్తకం మొదటి పేజీలో రాయించుకోండి.

ఇప్పుడు మాస్టారు పుస్తకం నిలువుగా చూద్దాం. రెండవ వరుసలో నాలుగు అంకెలు నూట పద్దెనిమిదీ నూట ముప్ఫై ఒకటీ మధ్య బుద్ధిగా వున్నాయి. శనివారాలు మాత్రం 64, 61. రెండింటి పక్కనా ఒకే మాట: "ఒంటిపొద్దు. మాత్ర కాఫీతో వేసుకున్నాను. గుడికి వెళ్ళి వచ్చేసరికి 12-30." గ్లిమిపిరైడ్ జాతి మాత్రలు మనం తిన్నామా లేదా అని చూడవు. క్లోమగ్రంథిని పిండి ఇన్సులిన్‌ను బయటికి తెప్పిస్తాయి. తిండి లేకుండా ఆ మాత్ర వేసుకుంటే వచ్చిన ఇన్సులిన్ ఉన్న కాస్త చక్కెరనూ కిందికి లాగేస్తుంది. చెమట, చెయ్యి వణుకు, కోపం, కళ్ళు మసకలు, మాట తడబాటు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మాస్టారు ఆ స్థితిలో గుడినుంచి స్కూటరు నడుపుకుంటూ ఇంటికి వస్తున్నారు. మొదటి రోజు పొద్దుటి అంకెలు మాత్రమే చూసి నేను ఆ మాత్రను 3 మిల్లీగ్రాములు చేసి వుంటే ఆ తరువాతి శనివారం మెయిన్‌రోడ్డు మీద ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

"64 చూశాక ఏం చేశారు?" అని అడిగాను. "వంట అవుతోంది కదా అని అరగంట ఆగి భోంచేశాను" అన్నారు. ఇది పెద్ద పొరపాటు. 70 కంటె తక్కువ కనబడితే ఆ క్షణమే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగాలి. పదిహేను నిమిషాలకు మళ్ళీ చూసుకోవాలి. అప్పటికీ 70 దాటకపోతే మళ్ళీ తాగాలి. దాటిన తరువాత భోజనం. లడ్డూ, చాక్లెట్టు దీనికి పనికిరావు, వాటిలో కొవ్వు వున్నందున తీపి నెమ్మదిగా ఎక్కుతుంది. వోగ్లిబోస్ లేక అకార్బోస్ కలిసిన మాత్రలు వాడేవారికి పంచదార కూడా త్వరగా పని చెయ్యదు. ఆ మందు పంచదారను పేగులో విడగొట్టనివ్వదు. వాళ్ళు గ్లూకోజు పొడే ఇంట్లో వుంచుకోవాలి. మీ మాత్రలో ఏమేమి కలిసి వున్నదో చాలామందికి తెలియదు. అట్ట మీది పేర్లు మందుల షాపులో చదివించుకోండి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పొయ్యకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ జాతి మాత్రల వల్ల షుగరు పడిపోయి స్పృహ తప్పితే, తేరుకున్నాక కూడా కొన్ని గంటలకు మళ్ళీ పడిపోవచ్చు. అందుకే లేచి కూర్చున్నాడు కదా అని వెంటనే ఇంటికి తీసుకుపోకూడదు.

ఇక నాలుగవ వరుస చూడండి. పడుకోబోయే ముందు ఒక్కరోజైనా 229 కంటె తక్కువ లేదు. శనివారం రాత్రి 238తో పడుకున్నాయన ఆదివారం 172తో లేచారు. అంటే రాత్రి ఒళ్ళు తన పని తాను చేసుకుంటూనే వుంది, అరవై దాకా దించింది. కాని అంత ఎత్తునుంచి దిగడం మొదలుపెడితే తెల్లవారేసరికి ఎక్కడికి చేరుతుంది? మాస్టారు పొద్దుటి అంకెకు కారణం పొద్దున లేదు, ముందురోజు సాయంత్రంలోనే వుంది.

మూడవ వరుస దానికి సాక్ష్యం. మామూలు రోజుల్లో రాత్రి భోజనానికి ముందే 180, 200. శనివారాల్లో 139, 146. తేడా ఎందుకు వచ్చింది? ఆ ముక్క కూడా చివరి గడిలోనే దొరికింది. మిగతా రోజుల్లో సాయంత్రం ఆరింటికి స్నేహితులతో టీకొట్టు దగ్గర పునుగులు ఒక పొట్లం, రెండు చెంచాల పంచదారతో టీ. ఉపవాసం రోజున టీకొట్టుకు వెళ్ళరు. "అవి చిరుతిళ్ళే కదండీ, భోజనం లెక్కలోకి రావనుకున్నాను" అన్నారు మాస్టారు. ఏ లెక్కలోకీ రానివే సాధారణంగా లెక్క తప్పిస్తాయి.

ఇంకొక సంగతి కూడా నా కంట పడింది. మామూలు రోజుల్లో రాత్రి అన్నం తిన్నాక షుగరు అరవై ప్రాంతంలో పెరుగుతున్నది. శనివారం రాత్రి "తేలికగా" నాలుగు దోసెలు తిన్నాక ఒకసారి తొంభై తొమ్మిది, ఒకసారి ఎనభై మూడు పెరిగింది. రెండు రోజుల అంకెలతో, అందులోనూ మీటరు తేడాలు వుండగా, దోసె అన్నం కంటె చెడ్డదని తీర్పు చెప్పను. కాని టిఫిను తింటే ఉపవాసం, అన్నం తింటే భోజనం అనే లెక్క షుగరుకు తెలియదని మాత్రం చెప్పగలను.

మేము చేసినవి నాలుగే మార్పులు. శనివారం గ్లిమిపిరైడ్‌ను కాఫీతో కాకుండా ఆ రోజు మొదటి భోజనానికి ముందు వేసుకోమన్నాను. ఆ భోజనం కూడా ఒంటిగంటకు కాకుండా పదకొండింటికే చెయ్యడానికి ఆయన ఒప్పుకున్నారు. దేవుడి పని ముందే చూసుకుని వస్తానన్నారు. పునుగుల స్థానంలో ఉడికించిన సెనగ గుగ్గిళ్ళు గుప్పెడు, పంచదార లేని టీ. రాత్రి భోజనం తొమ్మిదినుంచి ఎనిమిదికి జరిపి, తిన్నాక పావుగంట వీధిలో నడక. మూత్రపిండాల పరీక్ష బాగుండడంతో రాత్రి మెట్‌ఫార్మిన్‌ను 500 నుంచి 1000 చేశాను. దానంతట అది షుగరును ప్రమాదంగా పడగొట్టే మందు కాదు. గ్లిమిపిరైడ్ మాత్రం అదే 2 మిల్లీగ్రాముల దగ్గర ఆగింది. ఇది ఆయనకు కుదిరిన ఏర్పాటు. మీ మాత్ర వేళలను మీరే మార్చుకోకండి, మీ పుస్తకం చూపించి డాక్టరును అడగండి.

మూడు వారాలకు పడుకోబోయే ముందు అంకెలు 170, 190 మధ్యకు వచ్చాయి, పొద్దుటివి 128 నుంచి 142 దాకా. శనివారం భోజనానికి ముందు ఒకసారి 92, ఒకసారి 98. మూడు నెలలకు హెచ్‌బిఎ1సి 7.4. ఇడ్లీలు మళ్ళీ మూడయ్యాయి.

రాత్రిపూట ఇన్సులిన్ తీసుకునేవారికి ఇంకొక గడి కావాలి. పడుకునే ముందు 150 వుండి పొద్దున్నే 190 వుంటే నడిమి రాత్రి మూడు గంటలకు రెండు మూడు రోజులు చూసుకోవాలి. అప్పుడు కూడా 150 ప్రాంతంలోనే వుండి తెల్లవారుజామున పెరుగుతున్నదంటే లోపలి హార్మోనుల పని. మూడింటికి 60 వుంటే ఇన్సులిన్ ఎక్కువైనట్టు, ఆ సంగతి మర్నాడే డాక్టరుకు చెప్పాలి. పొద్దుటి అంకె ఒక్కటి చూసి రాత్రి ఇన్సులిన్ రెండు యూనిట్లు పెంచేసుకునేవారు ఈ మూడు గంటల అంకె చూడకుండా ఆ పని చెయ్యకూడదు.

ఒక్క మాట నొచ్చుకోకుండా వినండి. కొందరు డాక్టరు దగ్గరకు వచ్చే ముందురోజు రాత్రి కూర్చుని నెల లెక్కంతా ఒకే కలంతో రాసుకు వస్తారు. అంకెలన్నీ 110, 120, 130. నిజమైన అంకెలు అలా సున్నాతో ముగియవు. కొందరు రెండు రోజులు గంజి తాగి పరీక్షకు వస్తారు. మేము తిడతామని భయం కాబోలు. తిట్టే డాక్టర్లు వున్నమాట నిజమే. కాని తప్పుడు లెక్కకు రాసే మందు కూడా తప్పుడు మందే అవుతుంది, దాన్ని మింగేది మీరు. వచ్చేటప్పుడు మీటరు కూడా వెంట తెచ్చుకోండి. పాత అంకెలు దానిలో వుంటాయి, మీరు రాయడం మరిచినవి చూసుకోవచ్చు.

మా వంటి ఆసుపత్రిలో ఒక్కొక్కరికి దొరికేది నాలుగైదు నిమిషాలు. ముప్ఫై పేజీలు తిరగేసే తీరిక వుండదు. అందుకని ఇంటి దగ్గరే నిలువుగా చదివి, కనబడినవి రెండు మూడు వాక్యాలుగా ఒక చీటీ మీద రాసుకు రండి. మాస్టారు మలిసారి తెచ్చిన చీటీ ఇలా వుంది: "శనివారాలు మధ్యాహ్నం ఇప్పుడు తగ్గడం లేదు. ఆదివారం రాత్రి మాత్రం ఇంకా 200 దాటుతోంది, ఆ రోజు మనవలు వస్తారు, పాయసం చేస్తారు. ఏం చెయ్యమంటారు?" ఆ చీటీ చదవడానికి నాకు అర నిమిషం పట్టింది. మిగతా నాలుగు నిమిషాలూ పాయసం సంగతి మాట్లాడుకున్నాం.

పుస్తకంలో రాసి తరువాతి అపాయింటుమెంటు దాకా ఆగకూడనివి కొన్ని వున్నాయి. 54 కంటె తక్కువ అంకె ఒక్కసారి వచ్చినా, మనిషి తికమకపడినా ముందు పంచదార నీళ్ళు, వెంటనే డాక్టరుకు కబురు. వరుసగా రెండుసార్లు 300 దాటి, దానితో వాంతులు, కడుపునొప్పి, జ్వరం, ఆయాసం, మగత వీటిలో ఏది వున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. రాత్రయినా సరే.